ధర మారాక ఎవరి మిగులు ఎంత? డిమాండు, సప్లయి పటం నుంచి లెక్క తీసే పద్ధతి

టమాటా ధర కిలో 30 రూపాయల నుంచి 40కి పెరిగింది. వినియోగదారుల మిగులు, అంటే వాళ్లు ఇవ్వడానికి సిద్ధపడ్డ ధరకీ నిజంగా ఇచ్చిన ధరకీ తేడా, ఎంత తగ్గింది? ఉత్పత్తిదారుల మిగులు, అంటే వాళ్లకు వచ్చిన ధరకీ ఇంత వస్తే చాలనుకున్న ధరకీ తేడా, ఎంత పెరిగింది? డిగ్రీ చదివేవాళ్లు, గ్రూప్స్‌కి తయారయ్యేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది.

ఇంతవరకే చెబితే దీనికి జవాబు లేదు. ధర పది రూపాయలు పెరిగిందని తెలిస్తే చాలదు, ఎందుకు పెరిగిందో తెలియాలి. ఆ కారణాన్ని బట్టి అమ్మేవాళ్ల మిగులు పెరగొచ్చు, సగానికి పడిపోవచ్చు కూడా. కొనేవాళ్ల మిగులు ధరతో పాటు పెరిగే సందర్భమూ ఉంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు "రైతులకు కాసుల పంట" అన్న మాట బాగా వినిపించింది. అది ఎప్పుడు నిజమవుతుంది, ఎప్పుడు కాదు అన్నది పటం చూసి చెప్పడం నేర్చుకోవచ్చు. అందుకే ఇక్కడ ఒకే ధర మార్పును, అంటే 30 నుంచి 40ని, వేర్వేరు కారణాలతో గీసి చూద్దాం.

ఇందులోని అంకెలు లెక్క సులువుగా ఉండాలని నేను అనుకున్నవి. ఏ మార్కెట్ యార్డు రేట్లూ కావు.

## 1. గీయడానికి ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

గ్రాఫ్ పేపరు, పెన్సిలు, స్కేలు ఉంటే చాలు. తెల్ల కాగితం మీద చేత్తో గీసిన పటంతో మిగులు ఎటు కదిలిందో ఊహించగలం గానీ, ఎంత అన్నది తేలదు. పైగా వంకర గీతలు తప్పు ఆకారాన్ని చూపించి తప్పు సూత్రం వాడిస్తాయి.

నిలువు అక్షం మీద ధర, కిలోకి రూపాయల్లో. అడ్డ అక్షం మీద పరిమాణం, రోజుకి టన్నుల్లో. రెండు వైపులా 1 సెంటీమీటరుకి 10 చొప్పున తీసుకోండి.

ఇప్పుడు యూనిట్ల సంగతి తేల్చేయండి. చాలా మంది ఆఖర్న తప్పు చేసేది ఇక్కడే. టన్ను అంటే 1000 కిలోలు. కిలోకి 10 రూపాయలు, 10 టన్నులు అంటే 10 × 10,000 కిలోలు, అంటే లక్ష రూపాయలు. కాబట్టి మన గ్రాఫ్ మీద ఒక చదరపు సెంటీమీటరు గడి విలువ లక్ష రూపాయలు. ఇది పటం మూలన రాసి పెట్టుకోండి. సూత్రంతో వచ్చిన జవాబును గడులు లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు.

గీసే ముందు సరిచూసుకోవాల్సినవి:

- ధర ఏ దశది? పొలం దగ్గరదా, యార్డుదా, చిల్లర కొట్టుదా? ఒక పటంలో ఒకే దశ ధర ఉండాలి.
- పరిమాణం ఏ కాలానికి? రోజుకా, వారానికా?
- ఒక గడి విలువ ఎన్ని రూపాయలు?
- ధర మారకముందు అమ్ముడైన సరుకు ఎంత, మారాక ఎంత?

## 2. మార్పుకు ముందున్న పటం

మన రేఖలు ఇవి. P అంటే ధర, Q అంటే పరిమాణం:

```
డిమాండు:  P = 70 − Q
సప్లయి:   P = 10 + 0.5Q
```

డిమాండు రేఖకి నిలువు అక్షం మీద 70 దగ్గర చుక్క పెట్టండి, అడ్డ అక్షం మీద 70 దగ్గర ఇంకో చుక్క. రెండూ కలపండి. సప్లయి రేఖ నిలువు అక్షం మీద 10 దగ్గర మొదలవుతుంది, 60 టన్నుల దగ్గర 40 రూపాయల ఎత్తుకి చేరుతుంది.

రెండు రేఖలూ 40 టన్నులు, 30 రూపాయల దగ్గర ఖండించుకుంటాయి. అదే సమతౌల్యం. ఆ బిందువు నుంచి ఎడమవైపు నిలువు అక్షం దాకా ఒక అడ్డగీత గీయండి. అది ధర గీత. ఇక మీద చేసే పనంతా ఈ గీతకు పైన, కిందే.

## 3. మిగులు ఎక్కడ కనిపిస్తుంది

అడ్డ అక్షం మీద 10వ టన్ను దగ్గర స్కేలు నిలువుగా పెట్టి చూడండి. అక్కడ డిమాండు రేఖ ఎత్తు 60. అంటే ఆ టన్నును కిలో 60 రూపాయలకైనా కొనడానికి ఎవరో సిద్ధంగా ఉన్నారు. ఇచ్చింది మాత్రం 30. కిలోకి 30 రూపాయలు వాళ్లకు మిగిలాయి.

అదే చోట సప్లయి రేఖ ఎత్తు 15. కిలో 15 వస్తే చాలు, ఆ టన్ను మార్కెట్‌కి వచ్చేది. దానికి 30 వచ్చింది. అమ్మినవాళ్లకు కిలోకి 15 రూపాయలు మిగిలాయి.

ఇలా ఒకటో టన్ను నుంచి 40వ టన్ను దాకా స్కేలు జరుపుకుంటూ పోతే, పైన మిగిలిన గీతలన్నీ కలిసి ఒక త్రిభుజం అవుతాయి, కిందవన్నీ కలిసి ఇంకో త్రిభుజం. పైది వినియోగదారుల మిగులు, కిందిది ఉత్పత్తిదారుల మిగులు.

```
వినియోగదారుల మిగులు = 0.5 × 40 × (70 − 30) = 800
ఉత్పత్తిదారుల మిగులు = 0.5 × 40 × (30 − 10) = 400
```

ఈ 800, 400 వేల రూపాయల్లో ఉన్నాయి. అంటే 8 లక్షలు, 4 లక్షలు. గ్రాఫ్ మీద గడులు లెక్కపెడితే పైన 8, కింద 4 రావాలి. రాకపోతే రేఖ ఎక్కడో తప్పు గీశారు, ముందు అది దిద్దుకోండి.

ఈ రెండింటికీ ఎప్పుడూ మారని నియమం ఒకటుంది. పైది డిమాండు రేఖకీ ధర గీతకీ మధ్య, నిజంగా చేతులు మారిన పరిమాణం వరకు. కిందిది ధర గీతకీ సప్లయి రేఖకీ మధ్య, అదే పరిమాణం వరకు. "త్రిభుజం" అన్న మాట ఈ నియమంలో లేదని గమనించండి. ఆకారం సందర్భాన్ని బట్టి మారుతుంది, నియమం మారదు.

## 4. ధర మారగానే ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న

కొత్త ధర గీత గీసేయాలని తొందరగా ఉంటుంది. ఆగండి. ముందు ఈ జాబితాతో కారణం తేల్చండి.

- ధర పెరిగి, అమ్ముడైన పరిమాణం తగ్గిందా? సప్లయి రేఖ కదిలి ఉండాలి, లేదా ఎవరైనా ధరను పైన కట్టేసి ఉండాలి.
- ధర పెరిగి, పరిమాణం కూడా పెరిగిందా? డిమాండు రేఖ కుడివైపు జరిగింది.
- అమ్ముడుపోని సరుకు కుప్పలుగా మిగిలిందా? రేఖలేవీ కదల్లేదు, ధరను కట్టేశారు.

కదిలిన రేఖను వేరే రంగుతో గీసి, ఆ తర్వాతే కొత్త ధర గీత గీయండి. కదిలిన రేఖ తాలూకు పాత గీతను కొత్త మిగులు లెక్కలో ముట్టుకోకూడదు.

## 5. ఒకటో సందర్భం: ఖర్చు పెరిగి ధర పెరిగింది

కోత కూలీ, క్రేట్ల అద్దె, లారీ కిరాయి అన్నీ కలిపి కిలోకి 15 రూపాయలు పెరిగాయనుకోండి. ఈ భారం ప్రతి కిలో మీదా సమానంగా పడుతుంది. కాబట్టి సప్లయి రేఖ మొత్తం 15 రూపాయల ఎత్తు పైకి జరుగుతుంది. ఇంతకుముందు 10 దగ్గర మొదలైనది ఇప్పుడు 25 దగ్గర మొదలవుతుంది.

```
కొత్త సప్లయి:  P = 25 + 0.5Q
డిమాండు:       P = 70 − Q
సమతౌల్యం:     Q = 30, P = 40
```

ఖర్చు 15 పెరిగినా ధర పదే పెరిగింది. మిగతా 5 రూపాయలు అమ్మేవాళ్ల నెత్తిన పడ్డాయి.

వినియోగదారుల మిగులు 0.5 × 30 × (70 − 40) = 450, అంటే నాలుగున్నర లక్షలు. ఉత్పత్తిదారుల మిగులు 0.5 × 30 × (40 − 25) = 225, అంటే రెండుంపావు లక్షలు. ధర పెరిగింది, అయినా అమ్మేవాళ్ల మిగులు 4 లక్షల నుంచి దాదాపు సగానికి పడిపోయింది.

ఇక్కడ ఎక్కువ మంది చేసే పొరపాటు పాత సప్లయి రేఖ మొదలు, అంటే 10, వాడేయడం. అప్పుడు త్రిభుజం 0.5 × 30 × 30 = 450 అయి, రైతులు బాగుపడినట్టు కనిపిస్తుంది. ఆ 10 రూపాయల ఖర్చు ఇప్పుడు లేదు. మొదటి కిలో కూడా 25 ఇస్తే గానీ రాదు.

## 6. రెండో సందర్భం: పంట సగం పోయి ధర పెరిగింది

ఇప్పుడు ఖర్చులు మారలేదు, వానలకు పంట పాడైంది. ప్రతి పొలంలోనూ కోతకొచ్చే కాయ సగమైందనుకుందాం. అంటే ఏ ధర దగ్గర చూసినా మార్కెట్‌కి వచ్చే సరుకు ఇంతకుముందు వచ్చినదాంట్లో సగం. 30 రూపాయల దగ్గర 40 టన్నులు వచ్చేవి, ఇప్పుడు 20. 40 రూపాయల దగ్గర 60 వచ్చేవి, ఇప్పుడు 30.

ఈ చుక్కలు పెట్టి కలపండి. సప్లయి రేఖ ఈసారి మొత్తంగా పైకి జరగలేదు. 10 దగ్గరే మొదలై, రెట్టింపు నిటారుగా లేచింది.

```
కొత్త సప్లయి:  P = 10 + Q
సమతౌల్యం:     Q = 30, P = 40
```

ధర అదే 40, పరిమాణం అదే 30 టన్నులు. వినియోగదారుల మిగులు కూడా అదే నాలుగున్నర లక్షలు, ఎందుకంటే డిమాండు రేఖా ధర గీతా అవే. ఉత్పత్తిదారుల మిగులు మాత్రం 0.5 × 30 × (40 − 10) = 450. ఈసారి నాలుగున్నర లక్షలు! పాత 4 లక్షల కంటే ఎక్కువ.

ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి కాసేపు చూడమని నా సలహా. పేపర్లో కనిపించే రెండు అంకెలు, అంటే ధర, అమ్ముడైన సరుకు, రెండింట్లోనూ ఒకటే. అమ్మకాల సొమ్ము కూడా ఒకటే: 40 × 30 = 1200, అంటే 12 లక్షలు. ధర పెరగకముందు కూడా 30 × 40 = 12 లక్షలే. అమ్మకాల సొమ్ము చూసి మిగులు చెప్పలేమని దీన్నిబట్టే తేలిపోతుంది. తేడా అంతా సప్లయి రేఖ అడుగు కొస ఎక్కడుందన్న దాంట్లో ఉంది.

అందుకే సప్లయి రేఖ ఎడమవైపు జరిగిందని ప్రశ్నలో ఉంటే రెండు చుక్కలు చూడండి: ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఖండించింది. కిలోకి ఇంత అని పడే ఖర్చు, పన్ను రేఖను సమాంతరంగా పైకి జరుపుతాయి. అందరి దిగుబడీ ఒకే పాళ్లలో తగ్గితే రేఖ అడుగు కొస కదలకుండా నిటారవుతుంది.

ఇంకో జాగ్రత్త. ఈ నాలుగున్నర లక్షలు లాభం కాదు. సప్లయి రేఖలో చేరేది కాయ కోసి మార్కెట్‌కి చేర్చడానికి ఇప్పుడు పెట్టాల్సిన ఖర్చే. నారు, ఎరువులు, ఊత కర్రలు, డ్రిప్పు పైపుల ఖర్చు ఎప్పుడో అయిపోయింది, కోసినా కోయకపోయినా తిరిగి రాదు. ఆ స్థిర ఖర్చు తీసేస్తేనే లాభం. పైగా ఇది అందరిదీ కలిపిన మొత్తం. ఒకరి పొలం పూర్తిగా పోయి ఇంకొకరిది నిలిచి ఉంటే, మొత్తం పెరిగినా పోయినవాళ్ల వాటా సున్నా. వాళ్ల సంగతి ఈ త్రిభుజం చెప్పదు.

## 7. మూడో సందర్భం: గిరాకీ పెరిగి ధర పెరిగింది

పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. ప్రతి ధర దగ్గరా కొనేది 30 టన్నులు పెరిగింది. డిమాండు రేఖ కుడివైపు జరుగుతుంది, దాని పై కొస 70 నుంచి 100కి చేరుతుంది.

```
కొత్త డిమాండు:  P = 100 − Q
సప్లయి:         P = 10 + 0.5Q
సమతౌల్యం:      Q = 60, P = 40
```

ఉత్పత్తిదారుల మిగులు 0.5 × 60 × 30 = 900, అంటే 9 లక్షలు. ఇందులో వాదన ఏమీ లేదు. సప్లయి రేఖ కదల్లేదు, ధర పెరిగింది, సరుకూ పెరిగింది.

వినియోగదారుల మిగులు 0.5 × 60 × (100 − 40) = 1800. అంటే 8 లక్షల నుంచి 18 లక్షలకు పెరిగింది. ధర పెరిగితే కొనేవాళ్లు నష్టపోతారని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ జవాబు కొట్టేసి మళ్లీ రాస్తారు. కొట్టేయాల్సిన పనిలేదు, లెక్క సరైనదే.

అయితే దాని అర్థం జాగ్రత్తగా చెప్పాలి. ఈ 18 లక్షల్లో సీజన్‌కి కొత్తగా వచ్చినవాళ్ల మిగులు కూడా ఉంది. రోజూ కొనే పాత గిరాకీ వరకే చూస్తే, వాళ్ల రేఖ పాతదే, ధర 40. వాళ్ల మిగులు నాలుగున్నర లక్షలకు తగ్గింది. మిగతా పదమూడున్నర లక్షలు పెళ్లివాళ్లవి. పరీక్షలో మొత్తం అడిగితే 18 రాయండి. ఎవరు బాగుపడ్డారని అడిగితే ఈ విడదీత రాయండి.

## 8. నాలుగో సందర్భం: ధరను కట్టేశారు

వానలు లేవు, పెళ్లిళ్లు లేవు. ప్రభుత్వం కిలో 40కి తక్కువ అమ్మకూడదని కనీస ధర పెట్టిందనుకుందాం. నిజానికి కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో టమాటా లేదు. ఇది లెక్క కోసమే.

రేఖలేవీ కదలవు. 40 దగ్గర అడ్డగీత గీస్తే అది డిమాండు రేఖను 30 టన్నుల దగ్గర, సప్లయి రేఖను 60 టన్నుల దగ్గర తాకుతుంది. ఇందులో ఏది తీసుకోవాలి? చేతులు మారిన పరిమాణం, అంటే తక్కువది: 30. కొనేవాడు లేకపోతే అమ్మకం లేదు.

30 దగ్గర ఒక నిలువు గీత గీయండి. మిగులు రెండూ ఈ గీతకు ఎడమవైపే ఉంటాయి.

వినియోగదారుల మిగులు మళ్లీ అదే త్రిభుజం, నాలుగున్నర లక్షలు. ఉత్పత్తిదారుల మిగులు ఆకారం మారింది. ఎడమ అంచున ఎత్తు 40 − 10 = 30. కుడి అంచున, 30వ టన్ను దగ్గర, సప్లయి రేఖ ఎత్తు 25, కాబట్టి 40 − 25 = 15. ఇది త్రిభుజం కాదు, ట్రెపీజియం.

```
ఉత్పత్తిదారుల మిగులు = 0.5 × (30 + 15) × 30 = 675
```

అంటే 6.75 లక్షలు. రెండూ కలిపితే 11.25 లక్షలు. మార్పుకు ముందు కలిపి 12 లక్షలు ఉండేవి. మిగతా 75 వేలు ఎవరికీ చేరలేదు. అది 30వ టన్నుకీ 40వ టన్నుకీ మధ్య, రెండు రేఖల నడుమ ఉన్న త్రిభుజం: 0.5 × 10 × (40 − 25) = 75. డెడ్‌వెయిట్ లాస్ అని పుస్తకాల్లో చదివేది దీన్నే. మీ జవాబు సరిచూసుకోవడానికి ఇది మంచి సాధనం: కొత్త మిగులు రెండూ, ఈ నష్టం కలిపితే పాత మొత్తం రావాలి. రేఖలు కదలని సందర్భంలోనే ఈ తనిఖీ పనిచేస్తుందని మరవకండి.

6.75 లక్షలు అన్నది అత్యధికంగా రాగలిగే మిగులు. అమ్ముడైన 30 టన్నులూ అందరికంటే తక్కువ ఖర్చుతో తెచ్చినవేననీ, అమ్ముడుపోని సరుకును అసలు కోయనే లేదనీ అందులో ఒక ఊహ దాగి ఉంది. టమాటా విషయంలో ఈ ఊహ గట్టిగా నిలవదు. 40 వస్తుందని ఆశపడి 60 టన్నులూ కోసి యార్డుకి తెచ్చారనుకోండి. వాటి ఖర్చు సప్లయి రేఖ కింద 60 దాకా ఉన్న వైశాల్యం: 0.5 × (10 + 40) × 60 = 1500, అంటే 15 లక్షలు. అమ్మకం 12 లక్షలే. మిగతా 30 టన్నులు కుళ్లిపోతాయి. మిగులు 6.75 లక్షలు కాదు, 3 లక్షల లోటు. ధర పెంచడం ఒక్కటే చేసి, మిగిలిన సరుకు సంగతి పట్టించుకోకపోతే వచ్చే ఫలితం ఇది.

వరికి మద్దతు ధర పెట్టినప్పుడు కొనుగోలు కేంద్రాలు కూడా తెరిచేది ఇందుకే. మన పటంలో మిగిలిన 30 టన్నులను ప్రభుత్వమే 40కి కొంటే ఉత్పత్తిదారుల మిగులు పూర్తి త్రిభుజమై 9 లక్షలు అవుతుంది. ఖజానా నుంచి మాత్రం 12 లక్షలు వెళ్తాయి. ఆ పద్దు లేకుండా లెక్క ముగించకూడదు.

నాలుగు సందర్భాలూ ఒకచోట, లక్షల రూపాయల్లో:

| ధర 30 నుంచి 40కి ఎందుకు పెరిగింది | అమ్ముడైనది (టన్నులు) | వినియోగదారుల మిగులు | ఉత్పత్తిదారుల మిగులు |
|---|---|---|---|
| మార్పుకు ముందు | 40 | 8 | 4 |
| ఖర్చు పెరిగి | 30 | 4.5 | 2.25 |
| పంట సగమై | 30 | 4.5 | 4.5 |
| గిరాకీ పెరిగి | 60 | 18 | 9 |
| కనీస ధర వల్ల | 30 | 4.5 | 6.75 (అత్యధికంగా) |

## 9. మార్పు ఒక్కటే అడిగితే దగ్గరి దారి

డిమాండు రేఖ కదలకపోతే వినియోగదారుల మిగులు ఎంత తగ్గిందో చెప్పడానికి రెండు త్రిభుజాలు అక్కర్లేదు. పాత ధర గీతకీ కొత్త ధర గీతకీ మధ్య, డిమాండు రేఖకు ఎడమవైపు ఉన్న పట్టీ చాలు.

```
తగ్గిన మిగులు = 0.5 × (40 + 30) × 10 = 350
```

8 లక్షల్లోంచి నాలుగున్నర తీసేసినా ఇదే మూడున్నర వస్తుంది.

నిజమైన మార్కెట్ల లెక్కకు నేను ఈ పట్టీనే నమ్ముతాను. డిమాండు రేఖ పై కొస 70 దగ్గర ఉందని మనం అనుకున్నాం. టమాటా 70కి చేరితే ఒక్కరూ కొనరని ఎవరు చూశారు? ఆ పై కొస దాదాపు ఎప్పుడూ ఊహే. 30కీ 40కీ మధ్య ఏం జరిగిందో మాత్రం లెక్కల్లో ఉంటుంది. పట్టీకి ఆ భాగం చాలు.

ఉత్పత్తిదారుల వైపు కూడా ఇలాంటి పట్టీ వాడొచ్చు, కానీ సప్లయి రేఖ కదలనప్పుడే, అమ్ముడైన సరుకు ఆ రేఖ మీదే ఉన్నప్పుడే. గిరాకీ పెరిగిన సందర్భంలో 0.5 × (40 + 60) × 10 = 500, అంటే 5 లక్షలు. 4 నుంచి 9కి పెరిగింది కదా, సరిపోయింది. ఖర్చు పెరిగినప్పుడు, పంట పోయినప్పుడు, ధర కట్టేసినప్పుడు ఈ దారి పనికిరాదు.

## 10. జవాబు తేడా వస్తే ఎక్కడ వెతకాలి

- ఉత్పత్తిదారుల మిగులు లక్షల్లో మరీ పెద్దగా వచ్చింది. ధర × పరిమాణం వేసి ఉంటారు. అది అమ్మకాల సొమ్ము. సప్లయి రేఖ కింద ఉన్న ఖర్చు తీసేయాలి.
- కనీస ధర లెక్కలో మొత్తం మిగులు పాతదాని కంటే పెరిగింది. అమ్ముడైన 30 బదులు సప్లయి చేయాలనుకున్న 60 తీసుకున్నారు.
- కనీస ధర లెక్కలో ఉత్పత్తిదారుల మిగులు 450 వచ్చింది. ట్రెపీజియానికి త్రిభుజం సూత్రం వేశారు. కుడి అంచు ఎత్తు సున్నా కాకపోతే అది త్రిభుజం కాదు.
- గడుల లెక్క, సూత్రం లెక్క కలవడం లేదు. యూనిట్లు చూడండి. ధర క్వింటాలుకి రాసి పరిమాణం టన్నుల్లో పెడితే జవాబు వంద రెట్లు తేడా వస్తుంది.

రేఖ వంపుగా ఉంటే సూత్రాలు పక్కన పెట్టి గడులే లెక్కపెట్టండి. సగం కంటే ఎక్కువ లోపల ఉన్న గడిని ఒకటిగా, తక్కువున్నదాన్ని సున్నాగా తీసుకుంటే దగ్గరి అంచనా వస్తుంది.

## 11. మీరే చేసి చూడాల్సిన లెక్క

పాత పటమే తీసుకోండి. ఈసారి కిలో 20కి మించి అమ్మకూడదని గరిష్ఠ ధర పెట్టారు. కింద చూడకుండా ముందు మీరే గీయండి.

20 దగ్గర అడ్డగీత సప్లయి రేఖను 20 టన్నుల దగ్గర, డిమాండు రేఖను 50 టన్నుల దగ్గర తాకుతుంది. చేతులు మారేది 20 టన్నులే. నిలువు గీత అక్కడ.

ఉత్పత్తిదారుల మిగులు త్రిభుజం: 0.5 × 20 × (20 − 10) = 100, అంటే లక్ష. వినియోగదారులది ట్రెపీజియం. ఎడమ ఎత్తు 70 − 20 = 50. 20వ టన్ను దగ్గర డిమాండు రేఖ ఎత్తు 50, కాబట్టి కుడి ఎత్తు 30.

```
వినియోగదారుల మిగులు = 0.5 × (50 + 30) × 20 = 800
```

ధర పది రూపాయలు తగ్గింది, వినియోగదారుల మిగులు మాత్రం పాత 8 లక్షల దగ్గరే ఉంది. చవగ్గా దొరికినవాళ్లకు కలిసొచ్చినదంతా, దొరకనివాళ్లు పోగొట్టుకున్నదానికి సరిపోయింది. డెడ్‌వెయిట్ లాస్ 0.5 × 20 × (50 − 20) = 300, అంటే 3 లక్షలు. 8, 1, 3 కలిపితే 12. తనిఖీ కుదిరింది.

ఈ 8 లక్షలు కూడా అత్యధికంగా రాగలిగేదే. ఆ 20 టన్నులూ ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డవాళ్లకే దొరికాయని అనుకుని వేసిన లెక్క ఇది. క్యూలో అలా జరగదు. 20 కి కొంటామనే 50 టన్నుల గిరాకీలో ఎవరికి దొరుకుతుందో అదృష్టమే అయితే, వాళ్లు ఇవ్వగలిగిన ధర 20 నుంచి 70 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, సగటు 45. కిలోకి మిగిలేది 25. 20 టన్నులకు 25 × 20 = 500, అంటే 5 లక్షలే. క్యూలో నిలబడ్డ గంటల విలువ ఇంకా తీసేయలేదు.